ఆస్ట్రేలియా వీసా గ్రాంట్ లెటర్ వచ్చింది, ఇందులో తేదీలు, నంబర్లు ఎలా చదవాలి?

గ్రీమ్స్‌పేట గిరి (చిత్తూరు)
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి మొన్న ఆస్ట్రేలియా స్టూడెంట్ వీసా వచ్చింది, సబ్‌క్లాస్ 500. రెండేళ్ల మాస్టర్స్, ఐటీ. క్లాసులు 2026 ఫిబ్రవరి 23న మొదలు, 2027 నవంబర్‌లో అయిపోతాయి. మరదలిని కూడా అదే అప్లికేషన్‌లో కలిపాము కాబట్టి పీడీఎఫ్‌లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఒక్కొక్కరికి వేరే గ్రాంట్ నంబర్. కన్సల్టెన్సీ వాళ్ళు వాట్సాప్‌లో లెటర్ పంపి "కంగ్రాట్స్, టికెట్లు బుక్ చేసుకోండి" అన్నారు, అంతే, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం లేదు.

లెటర్‌లో Must not arrive after 15 March 2028 అని ఉంది. Length of stay దగ్గర కూడా అదే తేదీ. కోర్సు నవంబర్‌లో అయిపోతే మార్చి 15 ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాలేదు. కింద 8105, 8202, 8501, 8516, 8533 అని నంబర్లు. మరదలి పేరు కింద 8104, 8201 కూడా ఉన్నాయి.

ప్లాన్ ఏమిటంటే, తమ్ముడు ఫిబ్రవరి 1కి వెళ్తాడు, అక్కడ తెలిసినవాళ్ళ రెస్టారెంట్‌లో 5వ తేదీ నుంచి పని మాట్లాడి పెట్టుకున్నాడు. మరదలు ఏప్రిల్‌లో వెళ్ళి, చైల్డ్ కేర్ డిప్లొమా ఏడాది కోర్సు చేసి ఉద్యోగం చూసుకుంటుంది. మా అమ్మేమో మార్చి 19 ఉగాది, పండగ అయ్యాక వాణ్ణి కూడా పంపుదాం, లెటర్‌లో 2028 దాకా టైం ఉందిగా అంటోంది. ఎవరైనా చూసి చెప్పండి, ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ.

---

రేణిగుంట 45
ముందు పాస్‌పోర్ట్‌లో స్టాంపింగ్ అయిందా? లెటర్ చూసి మోసపోవద్దు. మా అల్లుడికి కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ అయ్యాక పాస్‌పోర్ట్ ఉంచుకుని, తర్వాత స్టిక్కర్ వేసి ఇచ్చారు. స్టిక్కర్ లేకుండా ఎయిర్‌పోర్ట్‌లో ఎవరూ లోపలికి పంపరు. పైగా ఐ-20 మీద సంతకం ఉండాలి, అది ఉంటే తేదీలతో పని లేదు, చదువు ఉన్నన్నాళ్ళు ఉండొచ్చు.

---

అలిపిరి మెట్టు (తిరుపతి)
రేణిగుంట సార్, మీరు చెప్పేది అమెరికా సంగతి. ఆస్ట్రేలియా వాళ్ళు పాస్‌పోర్ట్‌లో స్టిక్కర్ వెయ్యడం 2015 సెప్టెంబర్ 1 నుంచే మానేశారు. వీసా అంతా వాళ్ళ కంప్యూటర్‌లో పాస్‌పోర్ట్ నంబర్‌కి కట్టి ఉంటుంది. చదువు ఉన్నన్నాళ్ళు అనే లెక్క కూడా అక్కడ లేదు, తేదీ అంటే తేదీయే.

గిరీ, నేను మెల్‌బోర్న్‌లో ఒక మైగ్రేషన్ ఏజెంట్ ఆఫీసులో ఫైళ్ళు చూసేవాణ్ణి, ఇప్పుడు తిరుపతికి వచ్చేశాను. నీ పోస్టు చదివితే లెటర్‌లో తప్పేమీ కనపడలేదు, ప్లాన్‌లోనే మూడు చోట్ల ఇబ్బంది ఉంది. ఒక్కొక్కటే చెప్తాను, ముందు తేదీ.

మార్చి 15 కంగారు పడేది కాదు. కోర్సు పది నెలల కంటే ఎక్కువ ఉండి, నవంబర్‌లోనో డిసెంబర్‌లోనో అయిపోతే, వీసాని మామూలుగా తర్వాతి ఏడాది మార్చి 15 వరకు ఇస్తారు. అదే కోర్సు జనవరి నుంచి అక్టోబర్ లోపల అయిపోయేదైతే కోర్సు తర్వాత రెండు నెలలు. పది నెలలు, అంతకంటే తక్కువ కోర్సుకి ఒక నెల. మీవాడిది 2027 నవంబర్ కాబట్టి 2028 మార్చి 15. లెక్క సరిపోయింది. సరిపోకపోతే అప్పుడు కాలేజీ ఇచ్చిన ఎన్‌రోల్‌మెంట్ కన్ఫర్మేషన్‌లో ముగింపు తేదీ ఎంత ఉంది, హెల్త్ ఇన్సూరెన్స్ ఎప్పటి వరకు కట్టారు అని వెనక్కి వెళ్ళి చూడాలి.

ఇక అమ్మగారి ఉగాది. Must not arrive after అంటే ఆ తేదీ దాటాక ఆ వీసా మీద దేశంలోకి అడుగు పెట్టడానికి లేదు అని. దాని ప్రకారం మీవాడు మార్చి 25న దిగినా వీసా అడ్డుపడదు. కానీ వాడి కోర్సు ఫిబ్రవరి 23న మొదలు. చేరాల్సిన వాడు చేరలేదని కాలేజీ వాళ్ళ సిస్టమ్‌లో రిపోర్ట్ చేస్తుంది, ఎన్‌రోల్‌మెంట్ రద్దవుతుంది, అప్పుడు ఎన్‌రోల్‌మెంట్ నిలుపుకోవాలనే 8202 కండిషన్ తప్పినట్టు. వీసా తేదీ ఒకటి, కాలేజీ తేదీ ఒకటి. ఆఫర్ లెటర్‌లోనో కాలేజీ మెయిల్‌లోనో ఆలస్యంగా చేరడానికి ఆఖరి రోజు ఎప్పుడో ఉంటుంది, అది చూడు. మరదలికి ఈ గొడవ లేదు, ఏప్రిల్‌లో వెళ్ళొచ్చు.

పని సంగతి సాయంత్రం రాస్తాను, కొంచెం పెద్దది.

---

నగరి నర్సమ్మ
మీ అమ్మగారిని ఏమీ అనకు నాయనా. మా ఇంట్లో కూడా అందరూ అలాగే చదివారు, చివరి తేదీ దూరంగా కనపడితే తొందరేముంది అనిపిస్తుంది. వాడిని జనవరిలో పంపేయండి, ఉగాది పచ్చడి అక్కడ చేసుకుంటాడు.

---

పుంగనూరు గిత్త
నేను ఒక కన్సల్టెన్సీలో రెండేళ్లు కౌన్సెలర్‌గా చేశాను, పని సంగతి నేను చెప్తా. 8105 అంటే రెండు వారాలకు 48 గంటలకు మించి పని చేయకూడదనే కండిషన్. ముందు 40 ఉండేది, కోవిడ్ టైంలో లిమిట్ ఎత్తేశారు, 2023 జూలై 1 నుంచి 48 చేశారు. అంటే వారానికి 24 అని లెక్క పెట్టుకుంటే చాలు. ఒక వారం ఎక్కువైనా పక్క వారం తగ్గించి, జీతం పడే రెండు వారాలకు కలిపి 48 దాటకుండా చూసుకుంటే ఏ సమస్యా లేదు. సెలవుల్లో ఎంతైనా చేసుకోవచ్చు. ఫిబ్రవరి 23కి ముందు క్లాసులే లేవు కదా, కాబట్టి అది సెలవు కిందే లెక్క, ఫుల్ టైం చేసుకోమను. మరదలికి కూడా 48 గంటలే.

---

మదనపల్లె టమాటా (ఇప్పుడు సిడ్నీ)
గిత్త బ్రో, చివర్లో చెప్పింది తప్పు బ్రో. నేను దిగిన మొదటి వారంలోనే మా రూమ్మేట్ ఇదే మాట చెప్పాడు, అదృష్టం కొద్దీ షాపు మేనేజరే కోర్స్ స్టార్ట్ డేట్ అడిగి, అప్పటి దాకా రోస్టర్‌లో పెట్టనంది.

---

అలిపిరి మెట్టు
48 గంటలు, 2023 జూలై 1, సెలవుల్లో లిమిట్ లేదు, ఈ మూడూ గిత్త సరిగ్గా చెప్పాడు. మిగతావాటిలో తప్పులున్నాయి.

8105లో రెండు ముక్కలు ఉన్నాయి, జనం రెండోదే గుర్తు పెట్టుకుంటారు. మొదటిది, కోర్సు మొదలయ్యే దాకా అసలు పనే చేయకూడదు. గంట కూడా. ఫిబ్రవరి 23కి ముందు రోజులు సెలవు కిందకి రావు, ఎందుకంటే సెలవు అనేది మొదలైన కోర్సుకి ఉంటుంది, మొదలే కానిదానికి ఉండదు. కాబట్టి ఫిబ్రవరి 5న రెస్టారెంట్‌లో నిలబడితే ఆ రోజే కండిషన్ తప్పాడు. "ట్రయల్ షిఫ్ట్, డబ్బులివ్వరు" అంటారు, అదీ పనికిరాదు. మామూలుగా డబ్బులిచ్చి చేయించే పని ఏదైనా వాళ్ళ దృష్టిలో పనే, ఇతనికి డబ్బు ముట్టిందా లేదా అని చూడరు. చేతికి క్యాష్ ఇస్తే లెక్కలోకి రాదు అనేది కూడా మనవాళ్ళు చెప్పుకునే మాట. సొంతంగా ఏబీఎన్ అనే వ్యాపార నంబర్ తీసుకుని ఫుడ్ డెలివరీ తిరిగినా ఆ గంటలు కలుస్తాయి.

రెండోది 48 గంటల లెక్క. గిత్తా, వారానికి 24 అని కచ్చితంగా ఉంటే తప్పు జరగదు, నిజమే. కానీ "జీతం పడే రెండు వారాలు" అన్నావు చూడు, అక్కడే పిల్లలు దొరికిపోతారు. వాళ్ళ రూల్‌లో పక్షం అంటే సోమవారం మొదలయ్యే పద్నాలుగు రోజులు. ఏ సోమవారమైనా. షాపు వాడి జీతం సైకిల్‌తో దానికి సంబంధం లేదు. అంటే ప్రతి వారం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది, ఒకసారి ముందు వారంతో కలిపి, ఒకసారి తర్వాత వారంతో కలిపి.

మీ తమ్ముడి క్యాలెండర్‌లోనే చూపిస్తా. మార్చి 2 సోమవారం, ఆ వారం 20 గంటలు చేశాడనుకో. మార్చి 9 వారం 28. జీతం స్లిప్‌లో ఈ రెండూ కలిసి 48, బాగుంది. తర్వాత మార్చి 16 వారం 25, మార్చి 23 వారం 15. రెండో స్లిప్ 40, ఇంకా బాగుంది అనుకుంటాడు. కానీ మార్చి 9న మొదలయ్యే పద్నాలుగు రోజులు తీసుకో, 28, 25 కలిపితే 53. అయిదు గంటలు దాటాడు. రెండు స్లిప్పులూ శుభ్రంగా ఉన్నాయి, అయినా తప్పే. రోస్టర్ ఒప్పుకునే ముందే వెనక వారం ఎన్ని, రాబోయే వారం ఎన్ని అని రెండు వైపులా కూడి చూసుకోవాలి. రెండు చోట్ల పని చేస్తే రెండిటివీ కలపాలి, ఒక్కొక్క యజమానికి 48 కాదు.

---

మదనపల్లె టమాటా
ఇది చదివి నా పాత రోస్టర్లు తీశాను అన్నా. మావాళ్ళలో సగం మంది స్లిప్ ప్రకారమే లెక్క వేస్తారు. మా యాప్‌లో పే పీరియడ్ బుధవారం మొదలవుతుంది, మన లెక్క సోమవారం మొదలవుతుంది, ఇంకా కన్ఫ్యూజన్. ఇప్పుడు ఫోన్‌లో ఒక షీట్ పెట్టుకున్నా, సోమ నుంచి ఆది దాకా ఒక గడి, పక్క గడితో కలిపి మొత్తం.

ఒక డౌట్. మాకు కాలేజీ ప్లేస్‌మెంట్ ఉంది, కోర్సులో భాగమే, అది కూడా 48లో కలుస్తుందా?

---

అలిపిరి మెట్టు
కోర్సులో భాగంగా రిజిస్టర్ అయిన ప్లేస్‌మెంట్ కలవదు. కాలేజీ పేపర్లలో అది కోర్సులో తప్పనిసరి అంశం అని ఉండాలి. నువ్వే వెతుక్కుని "అనుభవం కోసం" చేసుకునే ఇంటర్న్‌షిప్ అలాంటిది కాదు.

---

పుంగనూరు గిత్త
సరే అన్నా, సోమవారం విషయం నాకు తెలియదు, మా ఆఫీసులో మాకు వారానికి 24 అని ఒక్కటే చెప్పేవాళ్ళు. కానీ కోర్సు మొదలవ్వడం అంటే ఏ రోజు? ఓరియంటేషన్ వారం ఫిబ్రవరి 16 నుంచి ఉంటుంది, ఐడీ కార్డు అప్పుడే ఇస్తారు. నేనైతే అప్పటి నుంచే మొదలైనట్టు లెక్క అంటాను. చాలా మంది అలాగే చేరుతున్నారు.

---

అలిపిరి మెట్టు
చాలా మంది చేరుతున్నారు అనేది నాకు ఆధారం కాదు. కన్ఫర్మేషన్‌లో కోర్స్ స్టార్ట్ డేట్ అని ఏ తేదీ రాశారో అదే పట్టుకుంటాను. కొన్ని కాలేజీలు ఓరియంటేషన్ మొదటి రోజునే ఆ తేదీగా వేస్తాయి, కొన్ని క్లాసు మొదటి రోజు వేస్తాయి. గిరి 23 అన్నాడు, అది ఏ కాగితంలోదో చూసుకోవాలి.

---

మదనపల్లె టమాటా
మా కాలేజీలో అడిగితే స్టూడెంట్ డెస్క్ అమ్మాయి ఓరియంటేషన్ కూడా కోర్సే అంది, ఇంటర్నేషనల్ ఆఫీసు అతను కాదన్నాడు. ఒకే బిల్డింగ్‌లో రెండు మాటలు. నేను క్లాసు మొదలయ్యాకే చేరాను.

---

శ్రీకాళహస్తి శైలు
నాది స్టూడెంట్ వీసా కాదు, అయినా తేదీల విషయం కాబట్టి ఇక్కడే అడుగుతున్నా, ఏమనుకోవద్దు. మా అబ్బాయి బ్రిస్బేన్‌లో ఉంటాడు, కోడలికి నెలలు నిండుతున్నాయి. మాకిద్దరికీ విజిటర్ వీసా 600 వచ్చింది. ఏడాది వీసా అన్నారు, సంతోషపడి పచ్చళ్ళు కూడా పెట్టేశాను. మా అబ్బాయి ఆర్నెల్లు ఉండేలా టికెట్ చేశాడు. ఇప్పుడు ఇదంతా చదివి లెటర్ తీసి చూస్తే Must not arrive after దగ్గర వచ్చే ఏడాది మార్చి 14 ఉంది, Length of stay దగ్గర 3 months అని ఉంది. ఏది లెక్క?

---

రేణిగుంట 45
పెద్ద తేదీయే లెక్క అమ్మా. ఏడాది వీసా అంటే ఏడాది.

---

అలిపిరి మెట్టు
కాదు సార్, దయచేసి అలా చెప్పొద్దు, ఆవిడ నమ్మి ఉండిపోతే కష్టం.

శైలు అక్కా, మీ లెటర్‌లో రెండు గడియారాలు ఉన్నాయి. మార్చి 14 అనేది లోపలికి అడుగు పెట్టడానికి ఆఖరి రోజు. మూడు నెలలు అనేది దిగిన రోజు నుంచి ఉండగలిగే కాలం. మల్టిపుల్ ఎంట్రీ అయితే బయటికి వచ్చి మళ్ళీ దిగినప్పుడు మళ్ళీ మూడు నెలలు. కాబట్టి ఆర్నెల్లు ఒకే దఫా ఉండటానికి ఈ వీసా సరిపోదు, టికెట్ మార్చుకోవాల్సిందే.

ఇందులో చాలా మందికి తెలియని మంచి సంగతి ఒకటి ఉంది. మీరు ఆఖరి రోజుల్లో, మార్చి 10న దిగారనుకోండి, మార్చి 14న బయటికి రావాల్సిన పని లేదు, జూన్ 10 దాకా ఉండొచ్చు. మూడు నెలలంటే క్యాలెండర్ నెలలు. దిగిన తర్వాత వీసా వివరాలు ఆన్‌లైన్‌లో చూపించే VEVOలో చూస్తే ఏ తేదీ వరకు ఉండొచ్చో కచ్చితంగా కనపడుతుంది, వేళ్ళ మీద లెక్క పెట్టుకోవద్దు.

ఇంకోటి, మీ కండిషన్లలో 8503 ఉందా చూడండి. ఉంటే అక్కడ ఉండగానే ఇంకో మూడు నెలలు పొడిగించండి అని కొత్త వీసాకి అప్లై చేయడానికి దాదాపు దారి ఉండదు. లేకపోతే అక్కడి నుంచే ఇంకో విజిటర్ వీసాకి ప్రయత్నించొచ్చు, ఇస్తారని మాత్రం లేదు.

---

శ్రీకాళహస్తి శైలు
8101, 8201, 8503 మూడూ ఉన్నాయి బాబూ. అంటే మూడు నెలలే. మనవణ్ణి చూడటానికి వెళ్ళి ఇంత లెక్క ఏంటో. అబ్బాయికి ఫోన్ చేస్తాను, టికెట్ మార్చడానికి ఎంత పట్టుకుంటారో ఏమో.

---

గ్రీమ్స్‌పేట గిరి
అన్నా, కన్ఫర్మేషన్ తీసి చూశాను, అందులోనూ స్టార్ట్ డేట్ 23 ఫిబ్రవరి అనే ఉంది, ఓరియంటేషన్ 16 అని వేరే మెయిల్‌లో ఉంది. తమ్ముడితో రెస్టారెంట్ వాళ్ళకి 23 తర్వాతే వస్తానని చెప్పించాను. వాళ్ళు ఏమన్నారంటే, ఈ లోపు వచ్చి ఊరికే కూర్చుని పని చూసి నేర్చుకో అని. అది కూడా వద్దన్నాను.

మరదలి సంగతి చెప్పలేదు మీరు. 8104, 8201.

---

అలిపిరి మెట్టు
చూసి నేర్చుకోవడం కాసేపట్లో ప్లేట్లు తీయడం అవుతుంది, వద్దన్నది మంచిదే.

మరదలి విషయంలో ఒకటి సంతోషం, ఒకటి కాదు. 8104 అంటే కుటుంబ సభ్యులకు పని కండిషన్. మామూలుగా వాళ్ళకి కూడా పక్షానికి 48 గంటలే, అందుకే గిత్త అలా అన్నాడు. కానీ చదివే మనిషి మాస్టర్స్‌గానీ పీహెచ్‌డీగానీ మొదలు పెడితే భార్యకో భర్తకో ఆ పరిమితి ఉండదు, ఫుల్ టైం చేసుకోవచ్చు. లెటర్‌లో నంబరు మాత్రమే చూస్తే ఈ మినహాయింపు తట్టదు, అదే 8104 బ్యాచిలర్స్ చదివేవాడి భార్యకీ ఉంటుంది, మాస్టర్స్ చదివేవాడి భార్యకీ ఉంటుంది. మొదలు పెట్టాలి అనే మాట మాత్రం ఇక్కడా ఉంది, తమ్ముడి కోర్సు మొదలవ్వకముందు ఆ అమ్మాయి కూడా పనికి వెళ్ళకూడదు. ఏప్రిల్‌లో వెళ్తోంది కాబట్టి మీకది సమస్యే కాదు.

ఒక మెలిక ఉంది. మీవాడు మధ్యలో మాస్టర్స్ వదిలేసి ఫీజు తక్కువని డిప్లొమాకి మారితే, ఆమెకు ఉన్న ఈ వెసులుబాటు కూడా నిలవదు, వాడికి 8202 కూడా తప్పినట్టే, కింది స్థాయి కోర్సుకి కొత్త వీసా కావాలి.

ఇక 8201. ఇది చదువు కండిషన్, మూడు నెలలకు మించి ఏ చదువుగానీ ట్రైనింగ్‌గానీ చేయకూడదు. పని మీద లిమిట్ లేదు కాబట్టి చదువు మీద కూడా లేదు అనుకుంటారు, ఇక్కడ తిరగబడింది. ఏడాది చైల్డ్ కేర్ డిప్లొమా ఈ వీసా మీద కుదరదు. ఫస్ట్ ఎయిడ్ లాంటి చిన్న కోర్సులు చేసుకోవచ్చు. డిప్లొమానే కావాలంటే ఆ అమ్మాయి తన పేరు మీద సొంత స్టూడెంట్ వీసాకి అప్లై చేయాలి, 2025 జూలై 1 నుంచి ఆ ఫీజు 2,000 ఆస్ట్రేలియా డాలర్లు, ఇంకా కాలేజీ ఫీజు వేరే. అంతేకాదు, సొంత స్టూడెంట్ వీసాకి మారితే అప్పుడు ఆమెకి 8105 వస్తుంది, డిప్లొమాకి మళ్ళీ 48 గంటలే. ఇప్పుడున్న ఫుల్ టైం పోతుంది. ఏది కావాలో వాళ్ళిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

---

గ్రీమ్స్‌పేట గిరి
అబ్బా. కన్సల్టెన్సీ వాళ్ళు ఆ డిప్లొమాకి అడ్వాన్స్ కట్టమని రెండుసార్లు అడిగారు అన్నా. లెటర్ వాళ్ళ దగ్గర కూడా ఉంది, 8201 వాళ్ళకి కనపడలేదా?

---

పుంగనూరు గిత్త
కనపడినా కమిషన్ వైపు చూస్తారు గిరీ. నేను అందుకే మానేశాను. కోపం తెచ్చుకోకు, అడ్వాన్స్ కట్టలేదుగా.

---

నగరి నర్సమ్మ
నాకో సందేహం. మా మేనకోడలిది కూడా ఇదే రకం వీసా, భర్త చదువుతున్నాడు. ఇక్కడి యూనివర్సిటీలో దూరవిద్యలో పీజీ రెండో ఏడాది చేస్తోంది, అక్కడి నుంచే ఆన్‌లైన్‌లో పాఠాలు వింటోంది, పరీక్షలకు వస్తుంది. ఇది కూడా ఆ 8201లోకి వస్తుందా?

---

పుంగనూరు గిత్త
రాదమ్మా, మన దేశం కోర్సు కదా, వాళ్ళకేం సంబంధం.

---

అలిపిరి మెట్టు
గిత్త అంత ధీమాగా ఎలా అంటున్నాడో నాకు తెలియదు. కండిషన్‌లో "ఆస్ట్రేలియాలో ఉండగా ఏ చదువైనా, ట్రైనింగ్ అయినా" అన్న అర్థంలోనే ఉంది, కాలేజీ ఏ దేశంలో ఉండాలని లేదు. మనిషి అక్కడ కూర్చుని చదువుతోంది. అలాగని ఇలాంటి దూరవిద్య మీద వీసా రద్దు చేసిన ఫైలు నేను చూడలేదు. మేనకోడలిని రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంట్‌ని మెయిల్‌లో అడిగి, జవాబు రాతలో తీసుకోమనండి.

---

మదనపల్లె టమాటా
గిరి అన్నా, నువ్వు VEVO చూశావా? లెటర్‌తో ఆగొద్దు. ఇక్కడ పనిలో పెట్టుకునేవాళ్ళు అందులోనే చెక్ చేస్తారు. గ్రాంట్ నంబర్, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబర్, దేశం కొడితే వచ్చేస్తుంది. ఇద్దరికీ విడివిడిగా చూడు.

---

గ్రీమ్స్‌పేట గిరి
చూశాను. తమ్ముడిది వచ్చింది, లెటర్‌లో ఉన్నవే ఉన్నాయి. మరదలిది రావట్లేదు, వివరాలు సరిపోలడం లేదని చూపిస్తోంది. మూడుసార్లు కొట్టాను. టెన్షన్‌గా ఉంది, వీసా రద్దయిందా?

---

అలిపిరి మెట్టు
రద్దని అప్పుడే అనుకోకు. లెటర్‌లో మరదలి పేరు పక్కన పాస్‌పోర్ట్ నంబర్ ఏముంది, ఇప్పుడు చేతిలో ఉన్న పాస్‌పోర్ట్ మీద ఏముంది? ఒక్కొక్క అక్షరం పోల్చి చెప్పు. అప్లికేషన్ వేశాక పాస్‌పోర్ట్ ఏమైనా మార్చారా?

---

గ్రీమ్స్‌పేట గిరి
మార్చాము అన్నా! పెళ్లయ్యాక భర్త పేరు చేర్చడానికి తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో రీ-ఇష్యూకి ఇచ్చాము, వీసా అప్లికేషన్ వేసిన నెల తర్వాత కొత్తది వచ్చింది. లెటర్‌లో పాత నంబరే ఉంది. నేను VEVOలో కొత్త నంబర్ కొడుతున్నాను.

---

రేణిగుంట 45
రెండు పాస్‌పోర్టులూ తీసుకెళ్తే సరిపోతుంది కదా. మావాళ్ళు అమెరికాకి అలాగే వెళ్ళారు, పాత దానిలో వీసా, కొత్తది చేతిలో.

---

అలిపిరి మెట్టు
అక్కడ పాతదాని మీద స్టిక్కర్ ఉంటుంది కాబట్టి చూపించొచ్చు సార్, ఇక్కడ చూపించడానికి ఏమీ లేదు. చెన్నైలో చెక్-ఇన్ కౌంటర్ వాళ్ళు కొత్త పాస్‌పోర్ట్ నంబర్ కొడితే సిస్టమ్‌లో వీసా లేనట్టే వస్తుంది. ఆస్ట్రేలియాకి ఫోన్ చేసి తేల్చుకునే లోపు విమానం వెళ్ళిపోతుంది.

గిరీ, ముందు పాత నంబర్‌తో VEVO కొట్టి చూడు, వస్తే వీసా బాగానే ఉందని అర్థం. తర్వాత వీసా అప్లికేషన్ వేసిన ఆన్‌లైన్ ఖాతా ImmiAccountలో లాగిన్ అయి ఆ అప్లికేషన్ తెరిస్తే Update details అని ఉంటుంది, అందులో పాస్‌పోర్ట్ వివరాలు మార్చడం ఎంచుకుని కొత్త నంబర్, ఇచ్చిన తేదీ, గడువు తేదీ వేసి కొత్త పాస్‌పోర్ట్ స్కాన్ పెట్టు. లాగిన్ కన్సల్టెన్సీ వాళ్ళ చేతిలో ఉంటే వాళ్ళే చేయాలి, లేదంటే ఫారం 929 నింపి పంపే దారి ఉంది. పేరు స్పెల్లింగ్ కూడా మారి ఉంటే అది వేరేగా చెప్పాలి, నంబర్ మార్పుతో పాటు తనంతట తాను మారదు. మార్పు ఎక్కిందో లేదో కొత్త నంబర్‌తో VEVO కొట్టి చూసుకున్నాకే టికెట్ కొను.

---

గ్రీమ్స్‌పేట గిరి
పాత నంబర్‌తో వచ్చింది అన్నా! 8104, 8201, 15 మార్చి 2028, అన్నీ ఉన్నాయి. పేరు మారలేదు, భర్త పేరు వెనక పేజీలో చేరింది అంతే. లాగిన్ వాళ్ళ దగ్గరే ఉంది, రేపు పొద్దున ఆఫీసు తెరవగానే నేనే వెళ్ళి కూర్చుని మార్పిస్తాను, పాస్‌వర్డ్ కూడా తీసుకుంటాను.

---

మదనపల్లె టమాటా
పాస్‌వర్డ్‌తో పాటు వాళ్ళు ఏ మెయిల్ ఐడీ పెట్టారో కూడా మార్పించు అన్నా. డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చే నోటీసులన్నీ ఆ మెయిల్‌కే వెళ్తాయి. తమ్ముడికి 8533 గురించి కూడా చెప్పు, దిగిన ఏడు రోజుల్లో ఉండే అడ్రస్ కాలేజీకి ఇవ్వాలి, ఇల్లు మారిన ప్రతిసారీ మళ్ళీ ఏడు రోజులు. మొదట్లో ఇక్కడ రూములు మారడమే పని.

---

శ్రీకాళహస్తి శైలు
మా అబ్బాయి టికెట్ మార్చాడు, మూడు నెలలకు ఒక రోజు తక్కువగా చేశాడు. బాబూ అలిపిరీ, మా ఆయన పాస్‌పోర్ట్ కూడా ఈ మధ్యే కొత్తది వచ్చింది, మాక్కూడా ఆ 929 పంపాలా?

---

అలిపిరి మెట్టు
వీసా వచ్చాక వచ్చిందా, అప్లై చేసేటప్పటికే కొత్తదా? లెటర్‌లో నంబర్ చూసి చెప్పండి అక్కా.